నమ్మించి మోసగించే ఫ్రెంచి మాటలు
(ప్రత్యేక సంచిక కొరకు ప్రసంగ పాఠం)



మన పిల్లల్లో కొందరు ఇంటర్‌లో రెండో భాషగా ఫ్రెంచి తీసుకుంటున్నారు. మా మనవరాలూ అంతే. ఇంగ్లీషు వచ్చిన వారికి ఫ్రెంచి సులభమంటారు. చాలావరకు నిజమే. నేషన్, టేబుల్, యానిమల్ వంటివి రెండింటిలోనూ ఉన్నాయి. అందుకే పోలిక చూసి నమ్మేస్తాం. అలా మోసగించే మాటలకు 1928లో కెస్లెర్, దెరొకిన్యీ అనే ఇద్దరు తమ పుస్తకంలో 'ఫోజామి', అంటే దొంగ స్నేహితులు, అని పేరు పెట్టారు.

మనకిది కొత్త కాదు. హిందీలో 'శిక్షా' అంటే చదువు, మనకు దండన. నేనిప్పుడు చేస్తున్న ఉపన్యాసం హిందీవాళ్లకు నవల!

చదువుకు ఫ్రాన్సు వెళ్లిన కొత్తలో మా అమ్మాయి గ్రంథాలయం అనుకుని 'లిబ్రెరి' ఎక్కడని అడిగితే పుస్తకాల దుకాణం చూపించారట. గ్రంథాలయాన్ని 'బిబ్లియోతెక్' అనాలి. పదహారో శతాబ్దంలో మోంతేన్ అనే రచయిత తన పుస్తకాల గదిని లిబ్రెరి అనే అన్నాడు. తర్వాత ఫ్రెంచిలో అర్థం మారింది, ఇంగ్లీషులో పాతదే నిలిచింది.

ఇంకోసారి భోజనానికి పిలిచిన ఇంట్లో "నిజానికి నేను శాకాహారిని" అనబోయి, ఇంగ్లీషు 'ఆక్చువల్లీ' తలచుకొని 'ఆక్తుయెల్మాఁ' అంది. దాని అర్థం 'ప్రస్తుతం'. ఆ ఇల్లాలు "మళ్లీ ఎప్పటి నుంచి తింటావమ్మా?" అని అడిగిందట. 'నిజానికి' అనాలంటే 'ఆఁ ఫెత్' అనాలి.

ఇవి నవ్వుకునేవి. నవ్వలేనిది మరొకటి ఉంది. ఆమె వెళ్లకముందు ఒక హాస్టలు కార్యాలయం నుండి "మీకు గది 'ఎవాఁతుయెల్మాఁ' కేటాయించబడును" అని ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషు 'ఈవెంచువల్లీ' లాగే ఉంది గనుక, ఆలస్యమైనా గది తప్పక వస్తుందనుకుని, అంతకుముందు మాట్లాడుకున్న గదిని మావాడు వద్దన్నాడు. ఆ మాటకు అర్థం 'వీలైతే, ఒకవేళ' అని! మన ఫైళ్లలో "ఖాళీలను బట్టి పరిశీలించబడును" అని రాసేవాళ్లం చూడండి, అచ్చం అదే. నలభై ఏళ్లు గుమాస్తాగా అలాంటి వాక్యాలు రాసినవాణ్ణి, నేనూ పోల్చుకోలేదు.

ఈ తప్పు పట్టుబడకపోవడానికి కారణముంది. రెండు అర్థాలతోనూ వాక్యం చక్కగా అతుకుతుంది, ఎక్కడా అనుమానం రాదు. ఆ ఉత్తరంలో తేదీ లేదు, గది నంబరు లేదు, అడ్వాన్సు కట్టమనీ లేదు. ఖాయమైన కేటాయింపులో అవి ఉంటాయి కదా! అనుమానం రావాల్సింది అక్కడ. మాట పోలికను పక్కన పెట్టి నిఘంటువు తీస్తే రెండు నిమిషాల పని.

చివరికి అమ్మాయే తిరిగి రాసింది: "గది ఖాయమా, ఎవరైనా ఖాళీ చేస్తేనేనా?" ఖాళీ చేస్తేనే అని జవాబు వచ్చింది. మొదటి గది అప్పటికే వేరేవాళ్లు తీసుకున్నారు. మరో గది దొరికేదాకా మూడు వారాలు స్నేహితురాలి గదిలో నేల మీద పడుకుంది.