జనాభా లెక్కల నుంచి ప్రశ్న తయారు చేయడం ఎలా?

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీలో చాలామంది పోటీ పరీక్షలకు చదువుతున్నారు. కొందరు సాయంత్రాలు గూడెంలో పిల్లలకు సాంఘిక శాస్త్రం కూడా చెబుతున్నారు. అందుకని జనాభా లెక్కలతో ప్రశ్నలు ఎలా తయారు చేయాలో ఈ రోజు మాట్లాడుకుందాం. ఈ లెక్కల్లో కూడికలు, భాగహారాలు కష్టమైనవి కావు. ఎవరిని లెక్కలోకి తీసుకున్నారు, దేనితో భాగించాలి అన్న చోటే పొరపాటు జరుగుతుంది. ప్రశ్న రాసేవాళ్ళు ముందు చూసుకోవలసింది కూడా అదే.

ఒక ఊరిని ఊహించుకుందాం. అక్కడ పురుషులు 400 మంది, స్త్రీలు 396 మంది. మన దేశంలో లింగ నిష్పత్తి అంటే ప్రతి 1000 మంది పురుషులకు ఎంతమంది స్త్రీలు అని. 396ను 400తో భాగించి 1000తో గుణిస్తే 990 వస్తుంది. 2011లో దేశంలోని షెడ్యూల్డు తెగల లింగ నిష్పత్తి సరిగ్గా ఇదే. దేశం మొత్తానికి అది 943. పిల్లవాడికి అర్థమైందా లేదా తెలియాలంటే ప్రశ్నను తిప్పి అడగండి: "లింగ నిష్పత్తి 990, స్త్రీలు 396 మంది అయితే పురుషులు ఎంతమంది?" సూత్రం బట్టీ పట్టినవాడు ఇక్కడ ఆగిపోతాడు, అర్థం తెలిసినవాడు 400 అని చెబుతాడు.

అదే ఊళ్ళో మొత్తం జనం 796. వారిలో ఆరేళ్ళలోపు పిల్లలు 116 మంది, అక్షరాస్యులు 408 మంది అనుకుందాం. 408ని 796తో భాగిస్తే 51 శాతం వస్తుంది. అది తప్పు. 1991 నుంచి జనగణనలో ఏడేళ్ళు, ఆపై వయసు వారినే అక్షరాస్యత లెక్కలోకి తీసుకుంటున్నారు. కాబట్టి 796లోంచి 116 తీసేయాలి. మిగిలిన 680తో భాగిస్తే 60 శాతం. ఒక్క అడుగు మరిచిపోతే ఊరి అక్షరాస్యత తొమ్మిది శాతం దాకా పడిపోయింది చూశారా? చిన్నపిల్లలు ఎక్కువగా ఉన్న ఊళ్ళో ఈ తేడా ఇంకా పెరుగుతుంది. అందుకే ప్రశ్నలో ఆరేళ్ళలోపు పిల్లల సంఖ్య తప్పక ఇవ్వండి. జవాబుల్లో 51ని కూడా ఒకటిగా పెట్టండి. ఎవరు దాన్ని ఎంచుకున్నారో చూస్తే, ఎవరికి ఏది మళ్ళీ చెప్పాలో మీకే తెలుస్తుంది.

ఇంకో మాట. ఏ భాషలోనైనా అర్థం చేసుకుని చదవడం, రాయడం రెండూ వస్తే ఆ మనిషి అక్షరాస్యుడే. బడికి వెళ్ళి ఉండాలన్న నియమం లేదు. గోండిలోనో కోయలోనో చదివి రాయగలిగిన అవ్వ కూడా అక్షరాస్యురాలే. చదవడం మాత్రమే వచ్చి, రాయడం రాకపోతే లెక్కలోకి రాదు. ఇది ఒక మార్కు ప్రశ్నకు బాగా పనికొస్తుంది.

ఇక జనాభా వృద్ధి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగల జనాభా 2001లో సుమారు 50.24 లక్షలు, 2011లో 59.18 లక్షలు. పెరుగుదల 8.94 లక్షలు. దాన్ని పాత సంఖ్యతో భాగించాలి, అప్పుడు 17.8 శాతం వస్తుంది. కొత్త సంఖ్యతో భాగిస్తే 15.1 వస్తుంది, అది తప్పు జవాబు.

ఇప్పుడు అదే రాష్ట్రంలో 1971 నుంచి 1981 వరకు చూడండి. 16.58 లక్షలు 31.76 లక్షలయ్యాయి. అదే పద్ధతిలో వేస్తే 91.6 శాతం. లెక్క తప్పు లేదు. కానీ "గిరిజనుల్లో జననాలు బాగా పెరిగాయి" అని ఎవరైనా జవాబు రాస్తే అది అబద్ధం అవుతుంది. అదే పదేళ్ళలో రాష్ట్ర జనాభా మొత్తం పెరిగింది దాదాపు 23 శాతమే. ఒక వర్గం దానికి నాలుగు రెట్లు పెరిగినట్టు కనబడితే, పుట్టుకల కంటే ముందు జాబితా చూడాలి. 1976లో పార్లమెంటు చేసిన సవరణ చట్టంతో షెడ్యూల్డు తెగల గుర్తింపు విస్తరించింది. ముఖ్యంగా తెలంగాణ జిల్లాల్లోని లంబాడాలు ఆ జాబితాలోకి వచ్చారు. అంతకుముందూ వాళ్ళు ఇక్కడే ఉన్నారు. మారింది వాళ్ళను లెక్కించిన గడి.

కాబట్టి ఈ ప్రశ్నను మూడు భాగాలుగా రాయండి. మొదటిది, వృద్ధి రేటు కట్టండి. రెండోది, రాష్ట్ర వృద్ధి రేటుతో పోల్చండి. మూడోది, ఈ తేడాకు కారణం జననాలా, జాబితా మార్పా? ఎలా చెప్పగలరు? మొదటి రెండింటికీ ఒక్కో మార్కు, మూడోదానికి రెండు మార్కులు ఇవ్వండి. మూడో భాగం లేకుండా 91.6 దగ్గరే ప్రశ్నను ఆపేస్తే, మన గురించి ఒక తప్పు మాటను మన పిల్లల చేతనే రాయించినవాళ్ళం అవుతాం.