ఇంగ్లిషు క్రియ వెనుక అదనపు ప్రిపొజిషన్

‘డిస్కస్ అబౌట్’, ‘ఎంఫసైజ్ ఆన్’, ‘రీచ్ టు’ అనే ప్రయోగాలు బడిపిల్లల వ్యాసం మొదలుకొని పరిశోధన గ్రంథం దాకా కనిపిస్తాయి. ప్రామాణిక ఇంగ్లిషులో ఈ అర్థాల్లో ఆ మూడు క్రియలూ సకర్మకాలు. వాటి కర్మ నేరుగా క్రియను అంటుకొని ఉంటుంది: ‘డిస్కస్ ది ప్రాబ్లమ్’, ‘ఎంఫసైజ్ ది నీడ్’, ‘రీచ్ ది స్టేషన్’. మధ్యలో ప్రిపొజిషన్‌కు పని లేదు.

తరగతి గదిలో ఈ తప్పును మాతృభాష ఖాతాలో వేయడం పరిపాటి. తెలుగులో ‘సమస్య గురించి చర్చించారు’ అంటారు కనుక ఆ ‘గురించి’ కాస్తా ‘అబౌట్’గా మారిందని చెబుతారు. అందులో కొంత నిజముంది. కానీ తెలుగువారు ‘సమస్యను చర్చించారు’ అని కూడా అంతే సహజంగా రాస్తారు. ‘రైలు విజయవాడ చేరింది’ అన్న వాక్యంలో ‘కు’ లేనే లేదు. ఆ వాక్యం రాసే విద్యార్థే ఇంగ్లిషులో ‘రీచ్‌డ్ టు విజయవాడ’ అంటాడు. పైగా తెలుగుతో ఏ సంబంధమూ లేని నైజీరియా, సింగపూర్ ఇంగ్లిషులోనూ ‘డిస్కస్ అబౌట్’ వినిపిస్తుంది. కాబట్టి కారణాన్ని ఇంగ్లిషులో కూడా వెతకాలి.

ఇంగ్లిషులో నామవాచకం తన కర్మను క్రియలాగా నేరుగా చేర్చుకోలేదు. అందుకే ‘డిస్కషన్ అబౌట్ ది ప్రాబ్లమ్’, ‘ఎంఫసిస్ ఆన్ క్లీన్లీనెస్’, ‘ఎటాక్ ఆన్ ది క్యాంప్’ అనాలి. అక్కడ ప్రిపొజిషన్ తప్పనిసరి. పాఠ్యపుస్తకాల్లోనూ పత్రికల్లోనూ ఈ నామరూపాలు పదేపదే కంటబడతాయి. వాటితో అలవాటైన ‘అబౌట్’, ‘ఆన్’ క్రియకూ అంటుకుంటాయి. దీనికి ఇరుగుపొరుగు క్రియలు తోడవుతాయి. ‘టాక్ అబౌట్’, ‘ఫోకస్ ఆన్’, ‘గో టు’ సరైనవే కనుక, దాదాపు అదే అర్థమిచ్చే క్రియకూ అదే తోక ఉండాలనుకోవడం సహజం. నేర్చుకునేవారు ఇక్కడ ఒక సూత్రాన్ని ఊహించి వాడుతున్నారు. సూత్రం తప్పింది గానీ ఊహ అర్థరహితం కాదు.

ఇలాంటి వాక్యం ఒకటి తీసుకోవచ్చు: ‘ది కమిటీ డిస్కస్‌డ్ అబౌట్ ది వాటర్ ప్రాబ్లమ్.’ దీన్ని కర్మణి ప్రయోగంలోకి మార్చమంటే విద్యార్థి సాధారణంగా ‘ది వాటర్ ప్రాబ్లమ్ వజ్ డిస్కస్‌డ్’ అనే రాస్తాడు. చివర ‘అబౌట్’ పెట్టాలని అతనికీ తోచదు. నిజంగా క్రియకు చెందిన ప్రిపొజిషన్ అలా జారిపోదు. ‘దే లుక్‌డ్ ఇంటు ది కంప్లైంట్’ అన్నది ‘ది కంప్లైంట్ వజ్ లుక్‌డ్ ఇంటు’ అవుతుంది. ‘ఇంటు’ నిలిచే ఉంటుంది. ‘ఎంఫసైజ్’ను కూడా ఇలాగే పరీక్షించవచ్చు. విద్యార్థికి తెలిసిన దానితోనే తప్పు బయటపడుతుంది కనుక, ఎర్రసిరాతో ‘అబౌట్’ కొట్టేయడం కన్నా ఇది మేలు.

సెలవు చీటీల్లో కనిపించే ‘ఐ వాంట్ టు డిస్కస్ విత్ యు అబౌట్ మై లీవ్’ మాత్రం మరికాస్త చిక్కు. ఇక్కడ ‘విత్ యు’ సరైనదే, ఎందుకంటే చర్చలో పాల్గొనే మనిషికి ‘విత్’ కావాలి. కానీ ఆ మనిషి క్రియకూ విషయానికీ మధ్య చొరబడ్డాడు. క్రియకు దూరమైన విషయం ఏదో ఒక ఆధారం కోరుతున్నట్టు అనిపించి ‘అబౌట్’ వచ్చి చేరింది. ‘అబౌట్’ ఒక్కటే తీసేస్తే మిగిలే వాక్యం కుంటుతుంది. పదాల వరుస మార్చి, విషయాన్ని క్రియ పక్కకు తేవాలి: ‘ఐ వాంట్ టు డిస్కస్ మై లీవ్ విత్ యు.’

కర్మణి పరీక్షకు హద్దులున్నాయి. ‘రిజెంబుల్’కు కర్మణి రూపం లేదు, అయినా ‘రిజెంబుల్ టు’ తప్పే. ‘షి ఈజ్ మ్యారీడ్ టు ఎ డాక్టర్’లో ‘టు’ సరైనది. ‘షి మ్యారీడ్ ఎ డాక్టర్’లో దానికి చోటు లేదు. ‘ఎంటర్’ గదికైతే ‘ఇంటు’ వద్దంటుంది, ఒప్పందానికైతే ‘ఎంటర్ ఇంటు యాన్ అగ్రిమెంట్’ అని కావాలంటుంది. బ్రిటిష్ వాడుకలో తీర్పు మీద ‘అపీల్ అగెయిన్‌స్ట్’ చేస్తారు, అమెరికన్ వాడుకలో ‘అగెయిన్‌స్ట్’ లేకుండానే చేస్తారు. అర్థాన్ని బట్టి తర్కించి ఇవి తేల్చలేం. నిఘంటువులో క్రియ పక్కన ఉండే సకర్మక సూచిక, దాని కిందనున్న ఉదాహరణ వాక్యాలు చూడవలసిందే. ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ ‘డిస్కస్’ దగ్గర ‘అబౌట్’ కూడదని విడిగా హెచ్చరిస్తుంది.

దిద్దుబాటు అతి అయితే తప్పు ఎదురుదిక్కుకు పోతుంది. ప్రిపొజిషన్లు తీసేయాలని మాత్రమే విన్న విద్యార్థి ‘లిజన్ మ్యూజిక్’, ‘వెయిట్ ది బస్’ అని రాయడం మొదలుపెడతాడు. అందుకే ‘డిస్కస్’ను ‘టాక్ అబౌట్’తో, ‘రీచ్’ను ‘అరైవ్ ఎట్’తో, ‘అవెయిట్’ను ‘వెయిట్ ఫర్’తో జతకట్టి ఒకే పాఠంలో, ఒకే కర్మతో రాయించాలి. అప్పుడు ప్రిపొజిషన్ ఏ క్రియది, ఏ క్రియది కాదు అన్న తేడా పక్కపక్కనే కనిపిస్తుంది.