రేకును పైకి లాగే గాలి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గాలివేగం గంటకు 180 కిలోమీటర్ల దాకా వెళ్లింది. విమానాశ్రయం టెర్మినల్ కప్పే దెబ్బతింది. ఊళ్లలో రేకుల ఇళ్లు, షెడ్ల సంగతి చెప్పనక్కర్లేదు. తీరం వెంట ఇప్పటికీ తుఫాను కబురు రాగానే రేకుల మీద రాళ్లు, ఇసుక బస్తాలు పెట్టే అలవాటుంది. ఆ బరువు సరిపోతుందా అన్నది లెక్క వేస్తే తేలిపోతుంది.

గాలి గోడను కొట్టి పైకి మళ్లుతుంది. చూరు అంచు దాటేటప్పుడు రేకును అంటుకుని పోలేక విడిపోయి సుడి తిరుగుతుంది. అక్కడ రేకు పైన గాలి ఒత్తిడి పడిపోతుంది. ఇంటిలోపల ఒత్తిడి మాత్రం అంతగా తగ్గదు. ఈ తేడాయే రేకును కిందినుంచి పైకి లేపుతుంది. వాలు తక్కువున్న కప్పు మొత్తం ఇలా పైకే లాగబడుతుంది. చూరు, మూలలు, కొప్పు దగ్గర ఈ లాగుడు అన్నిటికన్నా ఎక్కువ. తుఫానులో రేకు సాధారణంగా అంచు నుంచే లేస్తుంది. ఒక అంచు లేచాక గాలి దాని కిందకు దూరి మిగతా రేకుల్నీ ఒలుచుకుపోతుంది.

భవనాల మీద గాలి భారాన్ని లెక్కగట్టే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం. అందులో విశాఖకు మూల గాలివేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లే. ఆ వేగంలో గాలి చదరపు మీటరుకు సుమారు 150 కిలోల ఒత్తిడి చూపుతుంది. తలుపులు, కిటికీలు మూసిన మామూలు ఇంటికి కప్పు నడిమి భాగంలో నికరంగా పైకి లాగే బలం చదరపు మీటరుకు సుమారు 165 కిలోలు వస్తుంది. గాలికి ఎదురుగా ఉన్న తలుపు ఊడిపోతే గాలి లోపలికి చొరబడి రేకుల్ని కిందినుంచి కూడా తోస్తుంది. అప్పుడు అంచుల దగ్గర ఈ బలం 285 కిలోల వరకూ పోతుంది.

అర మిల్లీమీటరు మందమున్న ఇనుప రేకు బరువు చదరపు మీటరుకు దాదాపు 5 కిలోలే. పాతిక కిలోల ఇసుక బస్తా చదరపు మీటరుకు ఒకటి చొప్పున పేర్చినా 165 కిలోల ముందు నిలవదు. పైగా అలా పెట్టిన రాయి గాలికి దొర్లి పక్కింటి మీద పడితే ప్రాణం తీస్తుంది. కాబట్టి కప్పును పట్టి ఉంచాల్సింది బరువు కాదు, బిగింపు.

ఒక చిన్న ఇల్లు తీసుకుందాం. పొడవు 6 మీటర్లు, వెడల్పు 3.6 మీటర్లు, మధ్యలో ఒక అడ్డగోడ. రేకుల కింద ఆధారంగా ఇనుప గొట్టాలు, మేస్త్రీలు పర్లిన్లు అనేవి, 1.2 మీటర్ల ఎడంతో గోడల మీద ఉన్నాయి. రేకుకు అరడుగు పైచిలుకు, అంటే 20 సెంటీమీటర్ల ఎడంలో గట్లు ఉన్నాయి. ఖర్చు తగ్గించుకునేందుకు స్క్రూలను ఒక గట్టు విడిచి ఒక గట్టుకు, 40 సెంటీమీటర్లకొకటి చొప్పున కొట్టారు. అప్పుడు కప్పు నడుమ ఒక్కో స్క్రూ మోసే భారం సుమారు 80 కిలోలు. అదే ఎడం అంచుల్లోనూ ఉంచితే, తలుపు ఊడిన వేళ ఒక్కో స్క్రూ మీద దాదాపు 137 కిలోలు పడతాయి. అంచుల దగ్గర మాత్రం ప్రతి గట్టుకూ స్క్రూ కొట్టి, పర్లిన్ల ఎడాన్ని 0.9 మీటరుకు తగ్గిస్తే భారం 51 కిలోలకు దిగుతుంది. చూరు వెంబడి, కొప్పు వెంబడి, పక్క అంచుల వెంబడి మీటరు వెడల్పు పట్టీలో ఈ జాగ్రత్త తీసుకుంటే చాలు. కప్పంతటా స్క్రూలు దట్టంగా అక్కర్లేదు.

అన్ని వైపుల అంచుల్నీ ఇలా బిగించాలి. తుఫాను కన్ను ఇంటి మీదుగా పోతే గాలి కాసేపు ఆగి, ఆ తర్వాత ఎదుటి దిక్కునుంచి వస్తుంది. హుద్‌హుద్ వేళ విశాఖలో జరిగింది అదే.

స్క్రూ విరగడం అరుదు. స్క్రూ తల చుట్టూ ఉన్న పలచని రేకే చిరిగి, తల దాటి బయటకు వచ్చేస్తుంది. దీన్ని 1974 క్రిస్మస్ నాడు ఆస్ట్రేలియాలో డార్విన్ నగరాన్ని ధ్వంసం చేసిన ట్రేసీ తుఫాను ఇంజనీర్లకు తెలియజేసింది. ఒక్కసారి లాగితే తట్టుకునే రేకు, గంటల తరబడి ఎగుడుదిగుడు గాలికి వేలసార్లు వంగి లేచేసరికి స్క్రూ రంధ్రం చుట్టూ సన్నని పగుళ్లు పట్టి, చాలా తక్కువ బలానికే ఊడింది. ఆ తర్వాతే అక్కడ రేకుల్ని మళ్లీ మళ్లీ లాగి వదిలి పరీక్షించడం మొదలుపెట్టారు. పెద్ద వాషర్ వేసి భారాన్ని విశాలంగా పంచడం ఆ అనుభవం నుంచే బలపడింది. ఒక తుఫానును తట్టుకున్న కప్పును అందుకే నమ్మేయకూడదు. వర్షాలు తగ్గాక నిచ్చెన వేసి చూస్తే రంధ్రం కోలగా సాగడం, చుట్టూ సన్నని చీలికలు, రేకు లోపలికి గుంటపడడం, వాషర్ రబ్బరు ఎండి పగలడం కనిపిస్తాయి. ఆ రేకును పాత రంధ్రాల్లోనే మళ్లీ బిగిస్తే ఉపయోగం లేదు.

పాత షెడ్లలో స్క్రూల బదులు జె బోల్టులు ఉంటాయి. గట్టిగా లాగితే వాటి కొక్కెం విచ్చుకుని గొట్టాన్ని వదిలేస్తుంది. గొట్టాన్ని రెండు వైపులా చుట్టుకునే యు బోల్టులు అలా విచ్చుకోవు. ఉప్పుగాలి తగిలే చోట జింకు పూత ఉన్నవే కొనాలి.

రేకు ఊడకపోతే ఆ భారమంతా పర్లిన్‌కు చేరుతుంది. అసలు లోపం చాలా ఇళ్లలో అక్కడే ఉంటుంది. మన ఇంటి అడ్డగోడ మీద ఒక్కో పర్లిన్ 1.2 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల పొడవు కప్పు భారాన్ని అందుకుంటుంది. అది 3.6 చదరపు మీటర్లు. 165తో గుణిస్తే దాదాపు 600 కిలోలు. ఇంత బలం పైకి లాగే చోట మనవాళ్లు సాధారణంగా చేసేది గోడ నెత్తిన గూడు వదిలి, గొట్టం పెట్టి, రెండు ఇటుకలు, సిమెంటు పూసి మూసేయడం. తొమ్మిదంగుళాల ఇటుక గోడ చదరపు మీటరుకు 430 కిలోల పైచిలుకు తూగుతుంది. అంటే ఆ గొట్టాన్ని కిందకు లాగి పట్టాలంటే దాదాపు చదరపు మీటరున్నర గోడ బరువు దానికి వేలాడాలి. పైన మూసిన రెండు ఇటుకల బరువు పది కిలోలు కూడా ఉండదు. రేకులూ పర్లిన్లూ కలిసి కప్పు ఒక్క ముక్కగా ఎగిరి పక్క పొలంలో పడడానికి కారణం ఇదే.

కొత్తగా కడుతున్నవారు గోడ నెత్తిన ఇనుప కడ్డీలతో కాంక్రీటు బెల్టు పోయించి, పోసేటప్పుడే 12 మిల్లీమీటర్ల బోల్టులను బెల్టు కడ్డీల కింద కొక్కెం పడేలా నిలబెట్టాలి. పర్లిన్‌ను ఆ బోల్టుకు ఇనుప పట్టీతో బిగిస్తారు. ఆ బెల్టు కూడా మూలల్లో నిలువు కడ్డీలతో పునాది దాకా కలిసి ఉండాలి, లేకపోతే బెల్టే లేస్తుంది. పాత ఇంటికైతే పర్లిన్ మీదుగా ఇనుప పట్టీ వేసి, గోడకు రెండు పక్కలా మీటరుకు తక్కువ కాకుండా కిందకు దింపి, గోడ ఆరపార బోల్టులు వేయించవచ్చు. అప్పుడు ఆ మేర గోడ బరువు లాగుడుకు ఎదురొడ్డుతుంది. కట్టుతీగతో రెండు చుట్లు కట్టడం దీనికి సరిపోదు. మట్టిగోడకు, బెల్టు లేక బీటలిచ్చిన గోడకు ఈ పట్టీ కూడా పనికిరాదు. అటువంటి ఇంటివారు తుఫాను హెచ్చరిక రాగానే పక్కా భవనానికో, తుఫాను షెల్టరుకో వెళ్లిపోవాలి.

వరండా కప్పును ఇంటి కప్పుకు పొడిగింపుగా ఒకే రేకుతో వేయకపోవడం మంచిది. ముందుకు చాచిన వరండాను కిందినుంచి తోపు, పైనుంచి లాగుడు ఒకేసారి పట్టుకుంటాయి. దానికి వేరే పర్లిన్లు, వేరే స్తంభాలు ఇచ్చి, ఇంటి చూరు దగ్గర రేకును తెంపి వేస్తే, వరండా పోయినా ఇంటి కప్పు దాని వెంట పోదు.