రాసింది ఒకసారి పైకి చదవండి

ఉత్తరం కానివ్వండి, బడి వార్షికోత్సవంలో నాలుగు మాటలు కానివ్వండి, మహిళా సంఘంలో చదివే నివేదిక కానివ్వండి, మనం రాసింది మన కంటికి బాగానే కనిపిస్తుంది. దాన్నే గొంతెత్తి చదివితే లోపం చెవికి తెలుస్తుంది. ఈ సంగతి నాకు మా అమ్మ వల్ల తెలిసివచ్చింది.

మాది బోధన్ దగ్గర షక్కర్‌నగర్. పెళ్ళయ్యాక నిజామాబాద్‌లో స్థిరపడ్డాను. చిన్ననాటి జ్ఞాపకాల మీద రేడియోలో పది నిమిషాలు మాట్లాడమని ఒకసారి నాకు పిలుపు వచ్చింది. రెండు రాత్రులు కూర్చుని రాశాను. మా అమ్మకు చదువు రాదు. నేను కాగితం మీద ఏం రాసినా ఆమెకు అందేది చెవితోనే. అందుకని ముందుగా ఆమెకే వినిపించాను. మొదటి పేజీ సగం అయిందో లేదో, “ఇంకా షురూ చెయ్యలేదా బిడ్డా?” అంది.

నాకు కాస్త రోషం వచ్చింది. కానీ ఆమె అన్నది నిజమే. నా మొదటి వాక్యాలు ఇలా ఉన్నాయి:

“అసలు చెప్పాలంటే, మా చిన్నతనం గురించి చెప్పుకోవాలంటే ముందుగా షక్కర్‌నగర్ గురించి చెప్పుకోవాలి. నిజానికి 1937లో నిజాం కాలంలో స్థాపించబడి, నిజాంసాగర్ కాలువ నీళ్ళతో పండి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఎడ్లబండ్ల మీద వచ్చే చెరకును ఆడుతూ, ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టిన ఆ ఫ్యాక్టరీ సైరన్ మోగితేనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది. ఇకపోతే మా నాన్నగారి విషయానికి వస్తే, ఆయన కాటా దగ్గర గుమాస్తాగా పనిచేసేవారు.”

మర్నాడు వంటపని అయ్యాక ఆ పేజీని మళ్ళీ రాసుకున్నాను. ఈసారి ప్రతి వాక్యాన్నీ కొత్త వరుసలో మొదలుపెట్టాను. అలా రాస్తే రెండు సంగతులు కళ్ళకు కడతాయి. వాక్యాల మొదటి మాటలన్నీ ఎడమపక్క ఒకదాని కింద ఒకటి నిలబడతాయి. ఏ వాక్యం ఎంత పొడుగో కూడా తెలుస్తుంది. నా పేజీలో ఎడమపక్క ఏమున్నాయనుకున్నారు? అసలు, నిజానికి, ఇకపోతే, మరి, ఏమిటంటే, మళ్ళీ నిజానికి!

తరవాత పెన్సిలు పట్టుకుని, పక్క గదిలోకి వినపడేంత గొంతుతో చదివాను. లోలోపల గొణుక్కుంటే లాభం లేదు. తడబడే చోట నాలుక దాటేసిపోతుంది, మనకు తెలియనే తెలియదు. ఊపిరి ఆగినచోట ఒక గీత గీశాను. మొదట్లో వచ్చే ఊతమాట చుట్టూ సున్నా చుట్టాను. చదివేటప్పుడు దిద్దకూడదు. దిద్దడానికి ఆగితే నడక తెగిపోతుంది, వినడం మానేస్తాం.

ఈ ఊతమాటలు గొంతు సవరించుకోవడం లాంటివి. ఎదురుగా కూర్చుని మాట్లాడేటప్పుడు వాటికి పని ఉంది. తరవాతి మాట వెతుక్కునేదాకా మన వంతు పోకుండా కాపాడతాయి. రాసేటప్పుడూ ఆలోచన అందక అవే ముందు వచ్చి కూర్చుంటాయి. ఆలోచన అందాక వాటిని పంపెయ్యడం మరిచిపోతాం. తెలుసుకోవడానికి తేలిక మార్గం ఒకటుంది. ఆ మాటను బొటనవేలితో మూసి వాక్యం చదవండి. అర్థం అలాగే ఉంటే ఆ మాట అక్కర్లేదు. “నిజానికి” మూస్తే నా వాక్యానికి ఏ లోటూ రాలేదు. “ఇకపోతే మా నాన్నగారి విషయానికి వస్తే” అన్నదంతా మూసినా, కాటా దగ్గరి గుమాస్తా ఎవరో చెప్పడానికి “మా నాన్న” అన్న రెండు మాటలు చాలు. మొదటి వాక్యాన్ని పైకి చదివితే “చెప్పు” అన్నది మూడుసార్లు వినిపించింది. చెప్పింది మాత్రం ఏమీ లేదు! దాన్ని పూర్తిగా కొట్టేశాను.

ఇక నడక సంగతి. రెండో వాక్యంలో నాకు మూడుచోట్ల ఊపిరి ఆగింది. లెక్కపెడితే అందులో 29 మాటలున్నాయి. “సైరన్” అన్నది 24వ మాట. తెలుగులో క్రియ చివరన వస్తుంది కదా. “స్థాపించబడి, పండి, ఆడుతూ” అని దండ గుచ్చుకుంటూ పోతే, వినేవాళ్ళు అవన్నీ చేతుల్లో మోస్తూ చివరిదాకా ఎదురుచూడాలి. చదివేవాళ్ళయితే వెనక్కి చూసుకోగలరు. రేడియో ముందు కూర్చున్న అమ్మ ఎలా చూసుకుంటుంది? పైగా “స్థాపించబడి” అని మనం నోటితో ఎప్పుడైనా అంటామా? “పెట్టారు” అంటాం.

అందుకని ముక్కలు చేశాను. అతిగా చేశాను. “సైరన్ మోగేది. పొయ్యి వెలిగేది. చెరకు బండ్లు వచ్చేవి. నాన్న కాటా దగ్గర ఉండేవారు. చిట్టీలు రాసేవారు.” పైకి చదివితే పిల్లలు ఎక్కాలు అప్పజెప్పినట్టుంది. అన్నీ ఒకే పొడుగు, తోకలూ ఇంచుమించు ఒకటే. పొడుగు వాక్యం తప్పు కాదు. పొడుగువే వరసగా వచ్చినా, పొట్టివే వరసగా వచ్చినా చెవికి విసుగు. మూడోసారి ఇలా కుదిరింది:

“సైరన్ మోగితేనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది. మాది షక్కర్‌నగర్. అక్కడ ఫ్యాక్టరీ 1937లో పెట్టారు, నిజాం కాలంలో. నిజాంసాగర్ కాలువ కింద పండిన చెరకును రైతులు ఎడ్లబండ్ల మీద తెస్తే, కాటా దగ్గర తూచి చిట్టీ రాసిచ్చేది మా నాన్న.”

చివరి వాక్యం పొడుగుదే. అయినా ఊపిరి ఒక్కచోటే ఆగుతుంది, ఆగినచోట అర్థం కూడా ఆగుతుంది. ముందున్న పొట్టి వాక్యాల తరవాత అది బండిలాగే నిదానంగా వస్తుంది.

ఊతమాటల మీద కోపంతో నేను చేసిన పొరపాటు కూడా చెప్పాలి. ప్రసంగం చివర, “ఆ సైరన్ విని గడియారాలు సరిచేసుకునే ఇళ్ళు మా వీధిలో ఎన్నో. అయితే 2015లో ఫ్యాక్టరీ మూతపడింది” అని ఉండేది. “అయితే” కూడా కొట్టేశాను. వినిపిస్తే అమ్మ, “ఏమన్నవ్? మళ్ల చదువు” అంది. సంతోషం నుంచి దుఃఖంలోకి మలుపు తిరుగుతున్నానని ఆమెకు ముందుగా తెలియలేదు. ఆ వాక్యం ఆమె చెవి దాటిపోయింది. బొటనవేలితో మూసినప్పుడు వాక్యం దారి తప్పితే, ఆ మాట ఊతమాట కాదు, మలుపు దగ్గరి గుర్తు. దాన్ని ఉంచాలి. “కానీ” అని రాసి, దాని ముందు రెండు గీతలు గీసుకున్నాను, అక్కడ కాస్త ఆగాలని.

మరొక్క మాట. రాసినరోజే చదివితే కాగితం మీద లేనిది కూడా మన నోరు పూరించేస్తుంది. ఒక రాత్రి గడవనివ్వండి. వీలైతే ఇంట్లో ఇంకొకరిచేత చదివించి మీరు వినండి. మా కోడలు చదువుతుంటే, నేను సాఫీగా ఉందనుకున్న రెండుచోట్ల తడబడింది. ఆ అమ్మాయి చదవడంలో లోపమేమీ లేదు, ఆ రెండుచోట్లా వాక్యాలే వంకరగా ఉన్నాయి.

అన్నీ అయ్యాక అమ్మకు మళ్ళీ వినిపించాను. ఈసారి మధ్యలో ఏమీ అనలేదు. కాసేపటికి, “మీ నాయన చిట్టీ రాసి కలం చెవి మీద పెట్టుకుంటుండె. అది రాయలేదేం?” అంది. ఊతమాటలు పోయినచోట దానికి జాగా దొరికింది. ఆ ఒక్క వాక్యం ఆమె చెప్పింది చెప్పినట్టే రాశాను.