పాత గ్రూపు మూసే ముందు



2016 అక్టోబరు 11న వరంగల్ జిల్లా నుంచి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వేరే జిల్లాలయ్యాయి. మన కమిటీ వాట్సాప్ గ్రూపు మాత్రం మూడు ఊళ్లకూ ఒకటిగానే నడిచింది. ఈ నెలాఖరుకు దాన్ని మూసి, కొత్త కార్యవర్గం కొత్త గ్రూపులోకి వెళుతుంది. ఎవరి ఫీజుకు ఎంత ఇవ్వాలన్నది, ఏ బిల్లుకు ఎవరు సరేనన్నది చాలావరకు ఆ పాత గ్రూపులోనే ఉంది. మినిట్స్ పుస్తకంలో సగం కూడా లేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆండ్రాయిడ్ ఫోనులో గ్రూపు తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి, More, తర్వాత Export chat నొక్కండి. ఐఫోనులో గ్రూపు పేరు మీద నొక్కి కిందికి వెళితే అదే మాట కనిపిస్తుంది. ఫొటోలతోనా, లేకుండానా అని అడుగుతుంది. మొదట లేకుండానే తీసి, మీ మెయిలుకు పంపుకోండి.

ఈ జాగ్రత్త నేను దెబ్బతిని నేర్చుకున్నది. మొదటిసారి ఫొటోలతో తీశాను. ఫైలు తెరిస్తే మొదటి తేదీ నిరుటిది! ఫొటోలతో తీస్తే చివరి 10,000 మెసేజీలే వస్తాయి, లేకుండా తీస్తే 40,000 దాకా వస్తాయి. అందుకని ఫైలు రాగానే మొదటి వరుసలో తేదీ చూడండి. ఆండ్రాయిడ్ ఫైలులో ఫొటోలున్న చోట <Media omitted> అని ఉంటుంది. బిల్లుల ఫొటోలను విడిగా, తేదీ పేరుగా పెట్టి దాచుకోవాలి.

ఒక్కరు తీస్తే సరిపోదా అని జనగామ మిత్రుడొకరు అడిగారు. సరిపోదు. ఎవరి ఫోనుకు వచ్చినవే వారి ఫైలులో ఉంటాయి. మహబూబాబాద్ సభ్యుడు మధ్యలో చేరారు, అంతకు ముందువి ఆయనకు రావు. భూపాలపల్లి సభ్యుడు బ్యాకప్ లేకుండా ఫోను మార్చారు, పాతవి పోయాయి. కాబట్టి ఊరికొకరు తీస్తే, ఒకరి ఖాళీ మరొకరిది నింపుతుంది.

ఇంకొక చిక్కుంది. పేర్లు మన ఫోనులో ఎలా రాసుకుంటే అలాగే వస్తాయి. నా ఫైలులో ఒక బిల్లుకు "సరే, ఇచ్చేయండి" అన్నది "పెద్దన్న". రేపు ఆడిటర్‌కు పెద్దన్న ఎవరో ఎలా తెలుస్తుంది? ఫైలుతోపాటు ఎవరు ఎవరో ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టండి. పేరు సేవ్ చేయని వారి నంబర్లే పడతాయి గనుక ఆ ఫైలును ఏ గ్రూపులోనూ పెట్టకండి. కోశాధికారికి మాత్రమే పంపండి.

ఈ ఫైలు చదువుకోవడానికే, తిరిగి వాట్సాప్‌లోకి ఎక్కదు. గ్రూపు నుంచి బయటికి వచ్చినా పాత చాట్ ఫోనులో ఉంటుంది, మనం డిలీట్ చేస్తేనే పోతుంది. మూడు ఫైళ్లూ తెరిచి, తేదీలు సరిచూసుకున్నామని నేను చెప్పేదాకా దయచేసి ఎవరూ డిలీట్ నొక్కకండి.

సెలవు.