తీర్పు ఊరికి చేరే దారిలో
(స్మారకోపన్యాసం)

ఎవరి స్మృతికి ఈ ఉపన్యాసం ఏర్పాటయిందో ఆ ప్లీడరుగారు కక్షిదారుకు తీర్పు చదివి వినిపించేటప్పుడు ముందు తేదీలు చెప్పి, ఆ తర్వాతే ఎవరు గెలిచారో చెప్పేవారు. నేను తీసుకున్న విషయానికి ఆ పద్ధతే సరిపోతుంది.

2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మన ఊళ్లకు రెండు ముక్కల్లో చేరింది: 'ఆస్తిలో ఆడపిల్లకూ సమానవాటా'. ఈ మాట తప్పు కాదు, కానీ పూర్తి మాట కాదు. దీన్ని నమ్మి దావా వేసిన ఆడపడుచు, అవతలి పక్షం పాత దస్తావేజు బయటపెట్టిన రోజున ఖంగు తింటుంది. 'ఇవన్నీ వట్టి మాటలు' అని కొట్టిపారేసిన అన్నదమ్ముడూ అంతే నష్టపోతాడు. కాబట్టి తీర్పును కుదించేటప్పుడు షరతులను చివరికి నెట్టకూడదు. హక్కు చెప్పిన వాక్యంలోనో, దాని పక్క వాక్యంలోనో అవి ఉండాలి.

కోర్టు ముందుకు వచ్చిన చిక్కు ఇది. 2005లో హిందూ వారసత్వ చట్టం ఆరో సెక్షను మారింది. ఉమ్మడి కుటుంబపు పిత్రార్జితంలో కొడుకుకు పుట్టుకతో ఉండే హక్కే కూతురికీ వచ్చింది. అది అమల్లోకి వచ్చింది 2005 సెప్టెంబరు 9న. ఆ రోజుకు తండ్రి బతికి ఉండాలా, అక్కర్లేదా? 2015లో ఒక ధర్మాసనం ఉండాలంది. 2018లో మరో ధర్మాసనం 2001లోనే చనిపోయిన తండ్రి కూతుళ్లకు వాటా ఇచ్చింది. ఇద్దరేసి న్యాయమూర్తుల తీర్పులు ఇలా ఎదురెదురుగా నిలవడంతో ముగ్గురు న్యాయమూర్తులు కూర్చుని తేల్చాల్సి వచ్చింది. పుట్టుకతో వచ్చిన హక్కుకు తండ్రి ఆ తేదీకి బతికి ఉన్నాడా లేదా అన్న ప్రశ్నే రాదని వారు తేల్చారు.

దీన్ని రచ్చబండ దగ్గర చదవాలంటే నేనైతే ఇలా రాస్తాను:

'కుటుంబం ఇంకా పంచుకోని పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఉంది. ఆమె 2005కు ముందు పుట్టినా ఉంది. తండ్రి 2005 సెప్టెంబరు 9కి ముందే చనిపోయినా ఉంది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే ఆ ఆస్తిని అమ్మేసినా, దానంగా ఇచ్చేసినా, వీలునామా ద్వారా సంక్రమించినా, చట్టం ఒప్పుకునే పద్ధతిలో పంచుకున్నా, వాటిని ఈ చట్టం తిరగదోడదు. పంపకం అంటే రిజిస్టరైన పంపకాల దస్తావేజు, లేదా కోర్టు డిక్రీ.'

రెండు తేదీలున్నాయి, గమనించండి. ఒకటి చట్టం అమల్లోకి వచ్చిన రోజు. రెండోది, 2004 డిసెంబరు 20, బిల్లును రాజ్యసభలో పెట్టిన రోజు. బిల్లు వస్తోందని తెలిసి హడావుడిగా పంపకాలు రాయించుకునేవారికి అడ్డుకట్టగా చట్టం ఆ గీత గీసింది. ఊళ్లో ఈ రెండూ కలిసిపోయి '2005' అన్న ఒక్క మాట మిగులుతుంది. 2005 మార్చిలో రాయించిన పంపకాల దస్తావేజు గీతకు ఏ పక్కన పడుతుందో ఆ ఒక్క మాటతో ఎవరూ చెప్పలేరు.

ఇక నోటి పంపకాలు. మన పల్లెల్లో భూములు ఎక్కువగా పెద్దమనుషుల మాట మీదనో, తెల్లకాగితం మీద రాసుకున్న జాబితా మీదనో పంచుకున్నవే. దీని మీద కోర్టు రెండు అంచెల్లో మాట్లాడింది. నోటి సాక్ష్యం ఒక్కటే ఆధారమైతే పంపకం జరిగిందన్న వాదనను తోసిపుచ్చాలి. అయితే, ఆ నోటి పంపకానికి ప్రభుత్వ పత్రాల బలం ఉండి, డిక్రీ ద్వారా జరిగినంత స్పష్టంగా అది రుజువైతే, అరుదైన సందర్భాల్లో ఒప్పుకోవచ్చు. ఇందులో ఒక్క అంచె వదిలినా తీర్పు తారుమారవుతుంది. మొదటిదే చెబితే, నిజంగా ముప్పై ఏళ్ల కిందట విడిపోయిన అన్నదమ్ముల మీద అన్యాయంగా దావాలు పడతాయి. రెండోదే చెబితే, పాసుపుస్తకాల్లో పేర్లు విడివిడిగా ఉన్న ప్రతివాడూ 'మాది ఎప్పుడో పంచుకున్నదే' అంటాడు. 'పాసుపుస్తకం ఉంటే చాలు' అని మన తరఫున ఉదాహరణ జోడించకూడదు. ఆ మాట కోర్టు అనలేదు. జోడించక తప్పకపోతే, ఇది చెప్పేవాడి వివరణ అని విడిగా చెప్పాలి.

మన తెలుగు నేలలో ఇంకో చిక్కుంది. కేంద్రం కంటే ముందే, 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన సవరణ ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇచ్చింది. అది 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. కానీ ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లకు వర్తించలేదు. ఆ షరతు ఊళ్లలో ఎంత గట్టిగా నాటుకుందంటే, 'ఎనభై అయిదుకు ముందు పెళ్లయితే రాదు' అని ఈనాటికీ అంటారు. 2005 చట్టంలో పెళ్లి ప్రసక్తే లేదు. పాత చట్టపు షరతును కొత్త తీర్పుకు అతికించడం, ఉన్న షరతును తీసెయ్యడమంత హాని చేస్తుంది.

ఒక లెక్క చూద్దాం. ఆరెకరాల పిత్రార్జితం. తండ్రి, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు. తల్లి లేదు. ఇప్పుడు పంచుకుంటే నలుగురికీ తలా ఎకరంన్నర. పంచుకోకముందే తండ్రి వీలునామా రాయకుండా పోతే, ఆయన ఎకరంన్నర ముగ్గురు పిల్లలకు అరెకరం చొప్పున చేరి, ఒక్కొక్కరికి రెండేసి ఎకరాలవుతాయి. అదే ఆయన తన ఎకరంన్నరను కొడుక్కి వీలునామా రాసి పోతే కొడుక్కి మూడెకరాలు, కూతుళ్లకు ఎకరంన్నర చొప్పున. వీలునామా చెల్లినా కూతుళ్ల పుట్టుక హక్కుకు భంగం లేదు. 'సమానవాటా' అంటే అందరికీ రెండెకరాలేనని విన్నవారికి ఈ మూడెకరాలు మోసంలా కనిపిస్తాయి. మోసం కాదు. తన వాటాను వీలునామా రాసే అధికారం చట్టం తండ్రికి ఉంచింది.

ఆ ఆరెకరాలు తండ్రి కష్టార్జితమైతే ఈ తీర్పు దాని జోలికే వెళ్లదు. ఆయన బతికుండగా పిల్లలెవరూ వాటా అడగలేరు. వీలునామా లేకుండా పోతేనే కూతుళ్లూ కొడుకూ సమానంగా పంచుకుంటారు, ఆ ఏర్పాటు 1956 నుంచీ ఉన్నదే. తాత సొంతంగా కొన్న పొలం 1956 తర్వాత తండ్రికి వారసత్వంగా వచ్చినా, అది మామూలుగా తండ్రి సొంత ఆస్తిగానే లెక్క. 'తాతల ఆస్తి' అని నోటితో అన్నంత మాత్రాన పిత్రార్జితం కాదు. మరొకటి: కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప ఈ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు. ఏజెన్సీ గ్రామంలో ఈ తీర్పు చదివేవారు ఆ మాటతోనే మొదలుపెట్టాలి.

తీర్పుల పైన ముద్రించే సంగ్రహం తీర్పులో భాగం కాదు. సుప్రీంకోర్టు వెబ్‌సైటులో దొరికే తెలుగు అనువాదాలకు కూడా ఇంగ్లీషు ప్రతే ప్రామాణికమన్న గమనిక ఉంటుంది. మనం రాసే ఒక పేజీ వివరణ వాటికంటే ఇంకా కింది మెట్టు మీదిది. దాని అడుగున కేసు పేరు, తేదీ వెయ్యండి. అనుమానం వచ్చినవాడు అసలు ప్రతి దాకా వెళ్లగలగాలి.

వివరణ రాసే యువ న్యాయవాదులకు నా విన్నపం ఒకటే. రాసింది అచ్చుకు ఇచ్చేముందు ఇద్దరికి వినిపించండి: వాటా అడుగుతున్న ఒక ఆడపడుచుకు, ఇవ్వనంటున్న ఒక అన్నకు. విన్నాక ఇద్దరూ ఒకే షరతులు చెప్పగలిగితే రాత సరిగ్గా ఉన్నట్టు. ఎవరికి అనుకూలమైన ముక్క వారికే గుర్తుంటే మళ్లీ రాయండి. దావాకు ముందు ఆ సర్వే నంబరు మీద సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ తీయించమని, 2004 డిసెంబరు 20కి ముందు ఏమేం రిజిస్టరయ్యాయో చూడమని ఆడపడుచుకు చెప్పండి. ప్లీడరు ఫీజుకు వెనకాడితే, 1987 నాటి న్యాయ సేవాధికార చట్టం కింద ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు ఉచిత న్యాయ సహాయం ఉందనీ, దరఖాస్తు దగ్గరలోని కోర్టు ఆవరణలో ఉన్న న్యాయసేవా కార్యాలయంలో ఇవ్వవచ్చనీ ఆ పేజీలోనే రాయండి.