పట్టీ అడుగున ఏ అంకె ఉంది?

సాధారణ రకం వడ్లకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర 2024-25లో క్వింటాలుకు 2,300 రూపాయలు. 2025-26లో 2,369. పెరిగింది 69 రూపాయలు, అంటే నూటికి మూడు.

ఈ రెండు ధరలనూ కాగితం మీద నిలువు పట్టీలుగా గీద్దాం. వంద రూపాయలకు ఒక సెంటీమీటరు చొప్పున సున్నా దగ్గర మొదలుపెడితే మొదటి పట్టీ 23 సెంటీమీటర్లు వస్తుంది. రెండోది దానికంటే ఏడు మిల్లీమీటర్లు కూడా ఎక్కువుండదు. దూరం నుంచి చూస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి.

ఇప్పుడు సున్నా బదులు 2,280 దగ్గర మొదలుపెట్టండి. మొదటి పట్టీకి మిగిలేది 20 రూపాయల ఎత్తు, రెండోదానికి 89. కొత్త ధర పాతదానికి దాదాపు నాలుగున్నర రెట్లున్నట్టు కనిపిస్తుంది! ఇందులో అంకె ఒక్కటీ అబద్ధం కాదు. మొదళ్లు కోసేసి కొసలు చూపించారు, అంతే. పట్టీని మన కన్ను పొడవుతోనే కొలుస్తుంది. పక్కన సన్నగా రాసిన అంకెల దాకా ఎవరు పోతారు? ఎకరాకు 25 క్వింటాళ్లు పండితే అదనంగా చేతికొచ్చేది మాత్రం 1,725 రూపాయలే.

అలాంటి బొమ్మ చేతికొస్తే ఎడమ పక్క గీత అడుగున ఏ అంకె ఉందో ముందు చూడండి. సున్నా కాకపోతే పట్టీల ఎత్తు వదిలేసి, ధరలోంచి ధర తీసివేసి చూసుకోండి. అసలు అంకెలే వేయని బొమ్మనైతే పక్కన పెట్టేయండి. రోజువారీ మార్కెట్ ధరలను చుక్కలు కలిపి గీతగా గీస్తే మాత్రం సున్నా లేదని తప్పు పట్టలేం. అక్కడ చూసేది పట్టీ పొడవు కాదు, ధర ఎక్కుతోందా దిగుతోందా అన్నది.